సీడీ గీత దాటిన తేడాలు

మదీనాగూడ నుంచి పాత ముంబై హైవే మీద పటాన్‌చెరు వైపు వెళ్తే, 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పొలాలు వస్తాయి. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ రకాలను పక్కపక్క మళ్లలో పండించి పోల్చే చోటు అది. ఇలాంటి ప్రయోగాలు చేసిన వ్యవసాయ విద్యార్థుల థీసిస్‌లలో పట్టిక అడుగున 'సీడీ' అనే వరుస కనిపిస్తుంది. సీడీ అంటే క్రిటికల్ డిఫరెన్స్. రెండు సగటుల తేడా దాన్ని దాటితే ఆ రెండు రకాలూ వేరని రాస్తారు.

ఈ కొలత ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పొలాల్లో పనిచేసిన ఫిషర్‌ది. ముందు అనోవా ఎఫ్ పరీక్ష నెగ్గాలి, ఆ తర్వాతే జతలకు టీ పరీక్ష. సీడీ ఆ టీ పరీక్షకు మరో రూపం.

ఐదు జొన్న రకాలు, ఒక్కోటి నాలుగు మళ్లలో వేశామనుకుందాం. సగటు దిగుబడి హెక్టారుకు 30, 31, 32, 33.5, 38.5 క్వింటాళ్లు. ఎర్రర్ మీన్ స్క్వేర్ 4, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 12. ఎఫ్ విలువ 11 దాటుతుంది. సీడీ 3.08. మొత్తం పది జతల్లో ఐదు వేరని తేలతాయి: చివరి రకానికీ మిగతా నాలుగింటికీ మధ్య, ఇంకా 30కీ 33.5కీ మధ్య.

ఆ ఐదో తేడాను నేను నమ్మను. 5 శాతం పొరపాటు అవకాశం ఒక్క జతకే వర్తిస్తుంది. ఐదు రకాలూ నిజానికి ఒకటే అయినా, పది జతల్లో ఒక్కటైనా సీడీ దాటే అవకాశం నాలుగింట ఒకటికి దగ్గరగా ఉంటుంది. జతలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే అది 40 శాతం అయ్యేది. అదే సగటులు మళ్లీమళ్లీ వస్తాయి గనుక కొంత తగ్గుతుంది. మరి ఎఫ్ పరీక్ష కాపలా కాయదా? అన్నీ సమానమైనప్పుడు కాస్తుంది. 38.5 రకం ఒక్కటే నిజంగా మేలైనది అయితే, దానివల్లే గేటు తెరుచుకుంటుంది. వెనకున్న నాలుగు రకాల ఆరు జతలూ అడ్డు లేకుండా లోపలికి వస్తాయి.

1927లో స్టూడెంట్, 1939లో న్యూమన్ అత్యధిక, అత్యల్ప విలువల మధ్య ఎడం మీద దృష్టి పెట్టారు. ట్యూకీ 1953 నాటి రాతప్రతిలో దాన్ని అన్ని జతలకూ ఒకే కొలబద్దగా మలిచాడు. రకాలన్నీ ఒకటే అయితే పైదానికీ కిందిదానికీ మధ్య యాదృచ్ఛికంగా ఎంత ఎడం రావచ్చు? మన ప్రయోగంలో 4.51 క్వింటాళ్లు. అంత పెద్ద ఎడాన్నే కొలబద్ద చేస్తే మిగిలిన జతలన్నీ దాని నీడలోకి వస్తాయి. 33.5కీ 30కీ మధ్య ఉన్న 3.5 నిలవదు. 38.5 ఆధిక్యం నాలుగు చోట్లా నిలుస్తుంది.

దీనికీ మూల్యముంది: నిజమైన చిన్న తేడా తప్పిపోవచ్చు. అందుకే ప్రశ్న కేవలం 'చెక్' రకంతో పోలికే అయితే, 1955 నాటి డనెట్ పద్ధతి మేలు. పది జతలకు బదులు నాలుగింటికే మూల్యం చెల్లిస్తాం. అయితే ఏవి పోలుస్తామో విత్తనం వేసేనాటికే రాసిపెట్టి ఉండాలి. కోతలయ్యాక సగటులు చూసి ఎంచుకున్న నాలుగు జతలు, నిజానికి పది జతలే.