డబ్బు చేరింది, తాళం తెరుచుకోలేదు

2025 జులై 15, మంగళవారం. రాత్రి పన్నెండు కావస్తోంది. ఒంగోలులో ఓ అద్దె గదిలో, ఆగస్టులో రాబోయే బ్యాంకు పీఓ ప్రిలిమ్స్‌కి చదువుకుంటున్న అమ్మాయి మాక్ టెస్టుల యాప్ తెరిచి కూర్చుంది. ఉచితంగా ఇచ్చే టెస్టులు అయిపోయాయి. మిగతా వాటన్నిటి మీదా చిన్న తాళం బొమ్మ. ఏడాది ప్రీమియం 1,499 రూపాయలు. తన ఖాతాలో అంత లేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, పడుకున్నావా? క్యూఆర్ కోడ్ పంపిస్తున్నాను, కట్టెయ్. పది నిమిషాలే టైమిచ్చాడు."

"పంపక్కా."

ఆమె స్క్రీన్‌షాట్ తీసి, పైనున్న తన ఫోన్ నంబరు కనపడకుండా కత్తిరించి వాట్సాప్‌లో పంపింది. ఆ కత్తిరింపులో కోడ్ ఒక మూల తెగిపోయింది. తమ్ముడు గ్యాలరీలోంచి స్కాన్ చేయబోతే ఫోన్ చదవలేదు. కోడ్ కింద మాత్రం యూపీఐ ఐడీ స్పష్టంగా ఉంది. దాన్ని చేత్తో టైపు చేశాడు. కంపెనీ పేరు వచ్చింది, సరిపోయింది. 1,499 కొట్టి పిన్ వేశాడు. ఆకుపచ్చ టిక్కు పడింది. అప్పుడు సమయం 11.54.

"అయిపోయిందక్కా, చూసుకో."

ఆమె తెర మీద గడియారం ఇంకా వెనక్కి నడుస్తూనే ఉంది. సున్నాకి వచ్చింది. 'చెల్లింపు అందలేదు, మళ్ళీ ప్రయత్నించండి' అని వచ్చింది. తాళం బొమ్మలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇలాంటప్పుడు పక్కనున్నవాళ్ళు చెప్పే మాటలు రెండు. పక్క గదిలోని స్నేహితురాలు మొదటిది చెప్పింది: "మళ్ళీ కట్టు, మొదటిది వాపసు వచ్చేస్తుందిలే." తమ్ముడు ఒప్పుకోలేదు. మంచి పని చేశాడు. పొద్దున నాన్న రెండోది చెప్పాడు: "ఐదారు రోజుల్లో అదే తిరిగొస్తుందమ్మా, బ్యాంకు రూలు." ఈ రెండోదాన్ని అందరూ నమ్ముతారు. అందులో నిజం ఉంది, కానీ ఆమెకి పనికొచ్చే నిజం కాదు.

ఆ రూలు ఉన్నమాట వాస్తవం. విఫలమైన లావాదేవీల గురించి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వు అది. యూపీఐతో దుకాణానికి కట్టినప్పుడు మన ఖాతాలో డబ్బు తెగి, దుకాణానికి ఖరారు సందేశం చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజు కాక మరో ఐదు రోజుల్లోగా సొమ్ము దానంతటదే వెనక్కి రావాలి. ఆపైన ఆలస్యమైన ప్రతి రోజుకీ బ్యాంకు వంద రూపాయలు పరిహారమివ్వాలి. ఆమె పోటీ పరీక్షకి చదివే పుస్తకంలోనూ ఇది ఉంది. అందుకే ధైర్యంగా ఎదురుచూసింది. వారం గడిచినా డబ్బు రాలేదు, టెస్టులు తెరుచుకోలేదు, పరీక్ష మాత్రం దగ్గరపడింది.

మధ్యలో ఇంకో ప్రమాదం తప్పిపోయింది. యాప్ కంపెనీ ఫోన్ నంబరు ఎక్కడా దొరక్క నెట్లో వెతికితే 'కస్టమర్ కేర్' అంటూ ఓ మొబైల్ నంబరు వచ్చింది. అవతలివాడు మహా మర్యాదస్తుడు. "మేడమ్, మీ రీఫండ్ రెడీగా ఉంది, నేను చెప్పే యాప్ ఒకటి దించుకోండి, మీ స్క్రీన్ నాకు కనపడితే ఒక్క నిమిషంలో పని అయిపోద్ది" అన్నాడు. ఆ తర్వాత పిన్ కొట్టమన్నాడు. డబ్బు రావడానికి పిన్ ఎందుకు? ఆమె ఫోన్ పెట్టేసింది. ఎవరైనా ఈ ఉచ్చులో పడితే ఆలస్యం చేయకుండా 1930కి చేయాలి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్.

తమ్ముడు హైదరాబాద్‌లో తన బ్యాంకు శాఖకి వెళ్ళాడు. కౌంటర్‌లోని ఆయన కంప్యూటర్‌లో చూసి చెప్పిన మాటతోనే కథ మలుపు తిరిగింది.

"బాబూ, నీ డబ్బు ఎక్కడా ఇరుక్కోలేదు. అవతలి ఖాతాలో పడింది. మా లెక్కలో ఇది సక్సెస్. ఫిర్యాదు రాసిస్తానంటే రాసివ్వు, 'అవతల జమ అయింది' అని మూసేస్తారు."

"మరి యాప్‌వాళ్ళు రాలేదంటున్నారు కదండీ?"

"వాళ్ళకి రాకపోవడం కాదు. వచ్చింది ఎవరిదో వాళ్ళకి తెలియదు."

ఇది చాలామందికి తట్టని తేడా. వాలెట్‌లోని ఆకుపచ్చ టిక్కు చెప్పేది ఒక్కటే, ఈ ఖాతాలోంచి ఆ ఖాతాలోకి సొమ్ము మారిందని. ఎవరి తాళం తీయాలో ఆ టిక్కుకి తెలియదు. రిజర్వు బ్యాంకు గడువు విఫలమైన లావాదేవీలకే. ఇక్కడ లావాదేవీ విఫలం కాలేదు, సరుకు అందలేదు. ఆ తగువు బ్యాంకుతో కాదు, అమ్మినవాడితో.

ఆ రాత్రి తమ్ముడి గదిలో ఉండే కుర్రాడు దీన్ని విప్పి చెప్పాడు. ఓ కంపెనీలో చెల్లింపుల సాఫ్ట్‌వేర్ రాస్తాడు. మొదట అతను మామూలు అనుమానాలు తీర్చుకున్నాడు. అక్క యాప్‌లో లాగిన్ అయిన నంబరు, ప్రీమియం కోసం చూస్తున్న నంబరు ఒకటేనా? ఒకటే. ప్లే స్టోర్ ద్వారా కట్టారా? లేదు. అలా కట్టినప్పుడు కొన్నది ఆ గూగుల్ ఖాతాకే అంటుకుంటుంది. ఫోన్లో రెండు జీమెయిల్స్ ఉంటే ఒకదాంట్లో కొని ఇంకోదాంట్లో వెతుక్కునేవాళ్ళు బోలెడుమంది. ఇక్కడ ఆ గొడవ లేదు. తర్వాత అక్క పంపిన స్క్రీన్‌షాట్ చూశాడు.

"నువ్వు స్కాన్ చేశావా, టైపు చేశావా?"

"టైపు చేశాను. ఐడీ అదే కదా?"

"ఐడీ అదే. కానీ కోడ్‌లో ఐడీ ఒక్కటే ఉండదురా." అంటూ కాగితం మీద రాసి చూపించాడు. ఐడీ, పేరు, ఆర్డర్ నంబరు తను కల్పించినవే. వరస మాత్రం అసలుదే:

```
upi://pay?pa=seller@bank&pn=Seller&am=1499.00&cu=INR&tr=OD48213
```

క్యూఆర్ కోడ్ అంటే గళ్ళబొమ్మ రూపంలో ఉన్న ఇలాంటి ఒక వాక్యం. `pa` ఎవరికి కట్టాలో చెబుతుంది, `am` ఎంతో చెబుతుంది. చివర్న ఉన్న `tr` ఆర్డర్ గుర్తు. స్కాన్ చేస్తే ఈ గుర్తు కూడా డబ్బుతోపాటు ప్రయాణిస్తుంది. అవతల డబ్బు పడగానే చెల్లింపుల సంస్థ అమ్మకందారు కంప్యూటర్‌కి కబురు పంపుతుంది: ఫలానా ఆర్డర్‌కి సొమ్ము వచ్చిందని. ఆ ఆర్డర్ ఎవరిదో చూసి యాప్ తాళం తీస్తుంది. తమ్ముడు చేత్తో టైపు చేసింది ఐడీ, మొత్తం రెండే. గుర్తు పోయింది. రద్దీగా ఉన్న కొట్లో గల్లా మీద నోటు పెట్టి, ఏ సరుకుకో చెప్పకుండా వచ్చేసినట్టయింది వ్యవహారం. డబ్బు గల్లాలో ఉంది, పది నిమిషాల గడువు ముగిసి అక్క ఆర్డర్ మాత్రం రద్దయిపోయింది.

ఇక్కడ తమ్ముణ్ణి తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. కోడ్ కింద ఐడీని అంత పెద్దక్షరాలతో అచ్చువేసినవాళ్ళు, దాన్ని టైపు చేస్తే ఏమవుతుందో పక్కనే ఒక్క ముక్క రాసి ఉండాల్సింది.

జబ్బు తెలిసింది కాబట్టి మందు తేలికే అనుకున్నారు. యాప్‌లోని సహాయ పేజీ నుంచి అక్క ఫిర్యాదు పంపింది. తమ్ముడి వాలెట్ రసీదు జతచేసి, రసీదులో పైన కనిపించిన లావాదేవీ నంబరు రాసింది. 'మా రికార్డుల్లో ఈ చెల్లింపు లేదు' అని జవాబొచ్చింది. ఆమె రాసింది వాలెట్ యాప్ తన సొంత లెక్క కోసం ఇచ్చుకునే నంబరు. అది ఆ యాప్ గడప దాటదు. రెండు బ్యాంకుల్లోనూ, అమ్మకందారు లెక్కల్లోనూ కనిపించేది యూటీఆర్, పన్నెండు అంకెలది. కొన్ని యాప్‌లు దాన్ని యూపీఐ ట్రాన్సాక్షన్ ఐడీ అంటాయి. అక్షరాలు కలిసి ఉంటే అది యూటీఆర్ కాదు. అసలు యూటీఆర్ రసీదులో అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది.

ఈసారి గదిలోని కుర్రాడి సలహా మీద దారి మార్చారు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు బయటపెట్టాలి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. షరతుల పేజీ చివర్న ఆ చిరునామా దొరికింది. యూటీఆర్, తేదీ, మొత్తం, డబ్బు వెళ్ళిన యూపీఐ ఐడీ, కట్టిన వ్యక్తి పేరు, లాగిన్ నంబరు, రద్దయిన ఆర్డర్ నంబరు, అన్నీ రాసి పంపారు. జరిగింది కూడా దాచకుండా రాశారు: స్కాన్ చేయలేదు, టైపు చేశాం అని.

రెండో రోజు కంపెనీ అకౌంట్స్ విభాగం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది.

"అమ్మా, మీరు జులై 16 అని రాశారు. ఆ రోజు లెక్కలో ఈ నంబరు లేదు."

"ఆ రోజే కదండీ మేడమ్..."

"ఉండండి. మీ యూటీఆర్ 5196తో మొదలవుతోంది. సాధారణంగా మొదటిది సంవత్సరం చివరి అంకె, తర్వాతి మూడూ ఏడాదిలో ఎన్నో రోజో. 2025లో 196వ రోజు. అంటే పదిహేను. మీరు అర్ధరాత్రి దగ్గర్లో కట్టారా?"

11.54. అక్క స్క్రీన్‌షాట్ సర్దుకుని, తేదీ రాసుకునేసరికి పన్నెండు దాటింది. పదహారనే గుర్తుండిపోయింది.

ఆవిడ పదిహేనో తేదీ జమలు తీసింది. ఏ ఆర్డర్‌కీ అతకని 1,499 రూపాయలు అందులో తమ్ముడి పేరు మీద కనిపించాయి. సాయంత్రానికి ప్రీమియం తెరుచుకుంది. అయితే ఏడాది గడువును జులై 15 నుంచే లెక్కించారు. అక్క ఊరుకోలేదు, వాడుకోని రోజులకి ఇంకో ఉత్తరం రాసింది. ఆ రోజుల్ని చివర్న కలిపారు.

మీకు ఇలా జరిగితే, ముందు మళ్ళీ కట్టకండి. బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ సొమ్ము తిరిగి జమ కాలేదని చూసుకుని, పన్నెండంకెల యూటీఆర్‌తో అమ్మినవాళ్ళకే రాయండి. వేరేవాళ్ళ చేత కట్టించాల్సి వస్తే ఐడీ కాదు, కత్తిరించని కోడ్ పంపి గడువులోపే స్కాన్ చేయమనండి. ఫిర్యాదుల అధికారి పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి. తెలుగులోనూ మాట్లాడతారు.