కూర్పులో పుట్టిన స్థలం: కులెషోవ్ ప్రయోగాలు

మూకీ చిత్రాల తొలి దశాబ్దంలో చాలా చిత్రాలు నాటకాన్ని ఎదురుగా కూర్చుని చూసినట్టుగా ఉండేవి. ఒక దృశ్యం ముగిస్తే మరొకటి మొదలయ్యేది. అమెరికాలో గ్రిఫిత్ వంటి దర్శకులు దృశ్యాన్ని చిన్న చిన్న షాట్లుగా విడగొట్టడం అలవాటు చేశారు. అయితే అతుకు అసలు ఏం చేస్తుందన్న ప్రశ్నను ప్రయోగాలతో పరీక్షించినవారిలో ముఖ్యుడు రష్యాకు చెందిన లెవ్ కులెషోవ్.

1919లో మాస్కోలో ప్రభుత్వ చలనచిత్ర పాఠశాల ఏర్పడింది. విప్లవం, అంతర్యుద్ధం కారణంగా ముడి ఫిల్ముకు తీవ్రమైన కొరత. కొత్తగా తీయడం కష్టం కాబట్టి, కులెషోవ్ బృందం దృష్టి ఉన్న ముక్కలను కలిపి చూడటం మీదికి మళ్లింది.

ఆ బృందంలోని పుడోవ్‌కిన్ వివరించిన ఒక ప్రయోగాన్ని పరిశీలిద్దాం. ఇందులో అయిదు షాట్లు ఉన్నాయి. మొదటి దానిలో ఒక యువకుడు ఎడమ నుంచి కుడికి నడుస్తాడు. రెండవ దానిలో ఒక యువతి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. మూడవ దానిలో ఇద్దరూ కలిసి కరచాలనం చేస్తారు. యువకుడు దేన్నో చేత్తో చూపిస్తాడు. నాలుగవది విశాలమైన మెట్లున్న తెల్లని భవనం. అయిదవ దానిలో ఇద్దరూ మెట్లెక్కుతారు.

చూసేవారికి ఇదంతా ఒకేచోట జరిగినట్టు తోస్తుంది. వాస్తవానికి మొదటి మూడు షాట్లు మాస్కోలోని వేర్వేరు చోట్ల తీసినవి. తెల్లని భవనం వాషింగ్టన్‌లోని వైట్‌హౌస్. ఆ ముక్కను ఒక అమెరికన్ చిత్రం నుంచి తీసుకున్నారు. మెట్లు మాస్కోలోని ఒక చర్చివి. ఆ స్థలం భూమి మీద ఎక్కడా లేదు, తెర మీద మాత్రమే ఉంది.

ఇది ఎలా సాధ్యమైంది? ఎదురెదురు దిశల్లోని నడకలు కలయికను సూచించాయి. చేతి సైగ తర్వాతి షాట్‌ను వారు చూస్తున్న వస్తువుగా మార్చింది. ఇద్దరూ ఒకే దిశలో నడిచి ఉంటే ఒకరి వెనుక ఒకరు వెళుతున్నట్టు అనిపించేది. సైగ లేకపోతే భవనానికీ వారికీ సంబంధం తెగిపోయేది. కాబట్టి ఏ రెండు ముక్కలు అతికినా అర్థం పుట్టదు. మొదటి షాట్ ఒక ప్రశ్న రేపాలి, రెండవది దానికి జవాబుగా కనిపించాలి.

కులెషోవ్ పేరుతో మరింత ప్రసిద్ధమైనది నటుడు మొజూఖిన్ ముఖంతో చేసిన ప్రయోగం. ఒకే నిర్లిప్తమైన ముఖాన్ని సూప్ గిన్నె, శవపేటికలోని స్త్రీ, ఆడుకుంటున్న పాప షాట్లతో జతచేస్తే, ప్రేక్షకులు అందులో ఆలోచన, దుఃఖం, సంతోషం చూశారని పుడోవ్‌కిన్ రాశాడు. ఈ ఫిల్ము నేడు లభ్యం కాదు. షాట్ల గురించి కులెషోవ్, పుడోవ్‌కిన్ చెప్పిన వివరాలు కూడా పూర్తిగా ఏకీభవించవు. 1992లో ప్రిన్స్, హెన్స్‌లీ అనే పరిశోధకులు దీన్ని తిరిగి చేసి చూసినప్పుడు ఆశించిన ఫలితం రాలేదు. అందువల్ల దీన్ని నిరూపిత సూత్రంగా కాక, చరిత్రలో ప్రభావం చూపిన ఒక కథనంగా చదవాలి.

అభ్యాసం: పై అయిదు షాట్లలో నాలుగవదాన్ని మొదటికి మార్చండి. కథ ఎలా మారుతుందో నాలుగు వాక్యాల్లో రాయండి.