ముందే తెలిసిన నేరస్థుడు: తలకిందుల డిటెక్టివ్ కథలో ఉత్కంఠ పనితీరు

హత్య చేసిందెవరో మొదటి పేజీల్లోనే తెలిసిపోతే డిటెక్టివ్ కథలో ఇక చదవడానికేం మిగులుతుంది? వృత్తిరీత్యా వైద్యుడైన ఆంగ్ల రచయిత ఆర్. ఆస్టిన్ ఫ్రీమన్ ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టాడు. 1912లో వచ్చిన ఆయన కథాసంపుటి 'ద సింగింగ్ బోన్'లో కొన్ని కథలు రెండు భాగాలుగా నడుస్తాయి. మొదటి భాగంలో నేరం జరుగుతుంది, రెండో భాగంలో డాక్టర్ థార్న్‌డైక్ ఆరా తీస్తాడు. మొదటి భాగం పూర్తయ్యేసరికి హంతకుడు, హతుడు, చంపిన తీరు, శవం చేరిన చోటు అన్నీ పాఠకుడికి తెలుసు. అయినా ఈ పద్ధతి చావలేదు. నవలల్లోకి, టీవీలోకి, తెలుగు తెర మీదికి కూడా వచ్చింది.

పాఠకుడికి ఎక్కువ తెలియడం వల్లే ఇక్కడ ఉత్కంఠ పుడుతుందని సాధారణంగా చెబుతారు. అది సగం నిజమే. తలకిందుల కథలో పాఠకుడు అన్నీ చూస్తాడు కానీ చూసినవాటిలో ఏది సాక్ష్యమవుతుందో పోల్చుకోలేడు. చూడటానికీ పోల్చుకోవడానికీ మధ్య ఉన్న ఈ ఎడమే ఈ ప్రక్రియకు ప్రాణమని ఈ వ్యాసం ప్రతిపాదన. ఆ సంపుటిలోని 'ద కేస్ ఆఫ్ ఆస్కార్ బ్రాడ్‌స్కీ' కథ ఆధారంగా దీన్ని పరిశీలిద్దాం.

టోపీ, గాజుముక్కలు

సైలస్ హిక్లర్ పైకి పెద్దమనిషి, లోపల దొంగ. ఓ సాయంత్రం అతని ఇంటి ముందుకు రైల్వేస్టేషనుకు దారి అడుగుతూ ఒక అపరిచితుడు వస్తాడు. అతను వజ్రాల వ్యాపారి బ్రాడ్‌స్కీ అని సైలస్ గుర్తుపడతాడు. రైలుకు ఇంకా సమయం ఉందని లోపలికి పిలిచి విస్కీ, బిస్కెట్లు పెడతాడు. చంపాలా వద్దా అని చాలాసేపు ఊగిసలాడి చివరికి ఇనుపకడ్డీతో కొడతాడు. దెబ్బ సరిగా తగలక పెనుగులాట జరుగుతుంది. బల్లమీది గుడ్డను నోట్లో కుక్కి ఊపిరాడకుండా చేస్తాడు. తర్వాత శవాన్ని మోసుకెళ్లి, రైలు కింద పడి చనిపోయినట్టు కనిపించేలా మెడను పట్టా మీద ఆనించి వస్తాడు.

పెనుగులాటలో బ్రాడ్‌స్కీ కళ్లజోడు కింద పడింది. సైలస్ దాన్ని తొక్కేశాడు. గదిలో గాజుపెంకులు మిగిలితే ప్రమాదమని వాటిని ఏరి, కాగితంలో చుట్టి తీసుకెళ్లి పట్టాల పక్కన చల్లాడు. పాఠకుడికి అక్కడ అనుమానించడానికేమీ కనిపించదు. పైగా హంతకుడు జాగ్రత్తపరుడే అనిపిస్తుంది. ఇల్లు చేరాక అసలు పొరపాటు బయటపడుతుంది. హతుడి టోపీ ఇంట్లోనే ఉండిపోయింది! సైలస్‌కు ముచ్చెమటలు పోస్తాయి. దాన్ని ముక్కలు చేసి పొయ్యిలో కాల్చేస్తాడు.

ఇక పాఠకుడి మనసంతా టోపీ మీదే ఉంటుంది. శవం దగ్గర టోపీ లేదని ఎవరైనా గమనిస్తారా అని ఎదురుచూస్తాడు. గమనిస్తారు కూడా. కానీ రచయిత మరో దెబ్బ వేరేచోట దాచాడు. పట్టాల దగ్గర ఏరిన గాజుముక్కలను థార్న్‌డైక్ ఒక్కొక్కటే అట్టమీద పేర్చి కళ్లజోడు అద్దాలను తిరిగి కూర్చుతాడు. అద్దాలు పూర్తయ్యాక కూడా కొన్ని ముక్కలు మిగిలిపోతాయి. వాటిమీద చెక్కిన నక్షత్రం గుర్తు ఆనవాలు కనిపిస్తుంది. అవి కళ్లజోడువి కావు, పెనుగులాటలో పగిలిన గ్లాసువి. సైలస్ రెండింటినీ కలిపి ఎత్తాడు. పట్టాల మీద కళ్లజోడు పగలడం సహజమే, మరి తాగే గ్లాసు అక్కడెందుకు పగులుతుంది? కళ్లజోడు మరోచోట పగిలిందనీ, అక్కడ గ్లాసు కూడా పగిలిందనీ తేలిపోతుంది. శవం పళ్ల సందుల్లో దొరికిన రంగురంగుల పోగులు సూక్ష్మదర్శిని కింద బల్లగుడ్డ సంగతి చెబుతాయి.

ఇక్కడ రెండు వేర్వేరు యంత్రాలు పనిచేస్తున్నాయి. టోపీ బహిరంగ ప్రమాదం. దాని గురించి హంతకుడికీ తెలుసు, పాఠకుడికీ తెలుసు. గాజుముక్కలు ఎవరికీ పట్టని ప్రమాదం. బల్లకింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెబితే మామూలు సంభాషణ కూడా ఉత్కంఠగా మారుతుందని హిచ్‌కాక్, ట్రూఫోతో జరిపిన సంభాషణల్లో వివరించాడు. ఆ సూత్రం టోపీకి సరిపోతుంది, గాజుముక్కలకు సరిపోదు. వాటిని పాఠకుడు కళ్లారా చూశాడు కానీ బాంబని అనుకోలేదు. పాఠకుడు నేరంలో మునిగిపోయి సాక్ష్యాన్ని వదిలేస్తాడన్నది ఫ్రీమన్ స్వయంగా వేసుకున్న లెక్క. దానికి ఒకటి చేర్చాలి: కంటికి కనిపించే పొరపాటు కనిపించని పొరపాటుకు ముసుగైంది. టోపీ లేకపోతే పాఠకుడు గాజుముక్కల దగ్గర ఆగి ఉండేవాడు.

ఈ ముసుగు నిలవడానికి కథనదృష్టి ముఖ్యం. మొదటి భాగమంతా సైలస్ కళ్లతో నడుస్తుంది. అతను ముఖ్యమనుకున్నదే మనకూ ముఖ్యం, అతనికి పట్టనిది మనకూ పట్టదు. అందుకే రెండో భాగంలో దొరికిపోయేది హంతకుడొక్కడే కాదు, అతని లెక్కను నమ్మిన పాఠకుడు కూడా.

ఎక్కడ పట్టు తప్పుతుంది

ఈ పద్ధతి రెండు విధాలుగా చెడుతుంది. రెండో భాగంలో డిటెక్టివ్ పట్టుకున్న ఆధారం మొదటి భాగంలో లేకపోతే అది మోసం. ఉన్నా, చూపినప్పుడే దాని విలువ తెలిసిపోతే కథ అక్కడే అయిపోతుంది. ఆధారాన్ని పాఠకుడి ముందుంచుతూనే దానికి వేరే పని అప్పగించాలి. గాజుముక్కలు హంతకుడి జాగ్రత్తకు గుర్తుగా కనిపించాయి కనుకే సాక్ష్యంగా కనిపించలేదు.

ఫ్రీమన్‌కూ పరిమితి ఉంది. థార్న్‌డైక్ ఎన్నడూ పొరబడడు. అతని పరీక్షలన్నీ ఫలిస్తాయని తెలిశాక పాఠకుడిలో మిగిలేది కుతూహలమే తప్ప ఆందోళన కాదు. సైలస్ మీద జాలి కలిగేంత చనువునూ కథ ఇవ్వదు. రిచర్డ్ లెవిన్‌సన్, విలియం లింక్ సృష్టించిన టీవీ డిటెక్టివ్ కొలంబో ఈ లోటును ద్వంద్వయుద్ధంతో పూరించాడు. 1968 నాటి 'ప్రిస్క్రిప్షన్: మర్డర్' టీవీ చిత్రంలో హంతకుడి పథకం చాలాసేపు నడిచాకే కొలంబో అడుగుపెడతాడు. తర్వాత 1971లో మొదలైన ధారావాహిక కూడా ఇదే బాట పట్టింది. అక్కడ ప్రేక్షకుడిని పట్టి ఉంచే ప్రశ్న, అమాయకంగా కనిపించే ఈ మనిషి ఎప్పటినుంచి అనుమానిస్తున్నాడన్నది. నేరస్థుడి మనసు తెలుసు, డిటెక్టివ్ మనసు తెలియదు. దాచే చోటు మారింది.

'దృశ్యం'లో దాచిన ఒక్క సంగతి

జీతు జోసెఫ్ మలయాళ చిత్రానికి శ్రీప్రియ 2014లో చేసిన తెలుగు రూపం 'దృశ్యం' మరో అడుగు ముందుకేసింది. చావెలా జరిగిందో, ఎవరి చేతిలో జరిగిందో మనకు తెలుసు. పైగా వెంకటేశ్ పోషించిన రాంబాబు కుటుంబం దొరకకూడదనే కోరుకుంటాం. పోలీసులు నిజానికి దగ్గరవుతున్నకొద్దీ మన భయం పెరుగుతుంది. థార్న్‌డైక్ దగ్గర లేని ఆందోళన ఇక్కడ పక్షపాతం వల్ల వచ్చింది.

కానీ అసలు నేర్పు గొయ్యి తవ్వే ఘట్టంలో ఉంది. శవాన్ని అక్కడే పూడ్చారని మనం కళ్లారా చూశాం. అంతా అయిపోయిందనుకుంటాం. తీరా అందులో బయటపడేది జంతువు కళేబరం. నిజం తెలిసినవాళ్లమన్న మన ధీమా ఒక్కసారిగా పోతుంది. పోలీస్‌స్టేషన్ కొత్త భవనం నేల కింద శవం ఉందని చివర్లో గానీ తెలియదు. ఫ్రీమన్ అన్నీ చూపించి విలువను దాచాడు. 'దృశ్యం' మొదట చూపించినదాని తర్వాతి అడుగును దాచింది. కచ్చితంగా చెబితే ఇది సగమే తలకిందుల కథ. ఆ మిగతా సగం పాత 'ఎక్కడ' అనే రహస్యమే.

ఈ ఉదాహరణలను బట్టి, నేరస్థుణ్ణి ముందే చూపించడమంటే రహస్యాన్ని వదులుకోవడం కాదు, దాన్ని మరోచోటికి మార్చడం. ఫ్రీమన్ దాన్ని వస్తువు విలువలో, కొలంబో డిటెక్టివ్ మనసులో, 'దృశ్యం' నేరం తర్వాత జరిగిన పనిలో దాచాయి. వీటిలో రెండోసారి చదివించే గుణం ఫ్రీమన్ పద్ధతికే ఎక్కువ. గొయ్యి రహస్యం ఒకసారి తెలిస్తే తెలిసినట్టే. గాజుముక్కల సంగతి తెలిశాక మాత్రం మొదటి భాగానికి తిరిగి వెళ్లి, సైలస్ వాటిని ఏరుతున్న వాక్యాలు మళ్లీ చదవాలనిపిస్తుంది. పాఠకుడిని న్యాయంగా మోసగించామా లేదా అన్నదానికి అంతకన్నా మంచి పరీక్ష లేదు.