మజ్జిగ – మెచ్నికాఫ్ – మన జీర్ణకోశం

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ సీమలో, వడ్డేపల్లి వంటి ఊళ్ళలో, జొన్నరొట్టె తిన్నపిమ్మట సల్ల త్రాగితేనే భోజనం పూర్తి అయినదని తలచేవారు అనేకులు. కడుపు ఉబ్బినా, నీళ్ళ విరేచనాలైనా పెద్దలు మొదట గుర్తు చేసేది మజ్జిగనే. గ్రహణి రోగచికిత్సలో తక్రానికి, అనగా మజ్జిగకు, ఆయుర్వేద గ్రంథాలు కూడా పెద్దపీట వేసినవి. నేడు అదే నమ్మకం మందుల దుకాణంలో ‘ప్రోబయోటిక్’ అనే పేరుతో గొట్టాల రూపంలోను, పొట్లాల రూపంలోను అమ్ముడవుతున్నది. ఇంటి పెరుగుకు వర్తించే మాట ఈ మందుకు వర్తిస్తుందా? ఏ జబ్బులో వీటివల్ల మేలు కలదని రుజువైనది? ఈ ప్రశ్నలకు సమాధానం నూరేళ్ళకు పైబడిన ఒక చరిత్రలో ఉన్నది.

ఆ చరిత్ర పారిస్ నగరంలో ఆరంభమైనది. రష్యా దేశం నుండి వచ్చి పాశ్చర్ పరిశోధనాలయంలో స్థిరపడిన ఈలీ మెచ్నికాఫ్ అనే శాస్త్రజ్ఞుడు, మన రక్తంలోని కొన్ని కణాలు రోగక్రిములను మ్రింగివేస్తాయని కనిపెట్టినందుకు 1908లో పాల్ ఎర్లిహ్‌తో కలిసి నోబెల్ బహుమానం పొందాడు. వృద్ధాప్యం ఎందుకు వస్తుందనే చింత కూడా ఆయనకు ఉండేది. పెద్దప్రేగులో పదార్థాలను కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు విషాలను పుట్టిస్తాయనీ, ఆ విషాలే మనిషిని ముసలివానిని చేస్తాయనీ ఆయన ఊహ. పాలు తోడుకొని పులిస్తే కుళ్ళవు గదా! అట్లే పాలను పులియబెట్టే సూక్ష్మజీవులను ప్రేగులో ప్రవేశపెడితే అక్కడి కుళ్ళు కూడా ఆగవలెనని ఆయన తర్కించాడు. 1905లో స్టామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియా యువకుడు జెనీవాలో తన దేశపు పెరుగును పరీక్షించి అందులోని సూక్ష్మజీవిని గుర్తించగా, బల్గేరియా పల్లెవాసుల దీర్ఘాయువుకు ఆ పెరుగే కారణం కావచ్చునని మెచ్నికాఫ్ ప్రచారం చేశాడు. తానును పులిసిన పాలు త్రాగుతూ వచ్చి, 1916లో 71 ఏళ్ళ వయస్సులో కన్నుమూశాడు.

ఊహ అందమైనదే. కాని పరీక్షలో నిలవలేదు. 1921లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో రెట్గర్, చెప్లిన్ అనే పండితులు, బల్గేరియా పెరుగులోని ఆ జీవి మనిషి ప్రేగులో కాపురం ఉండజాలదని చూపించారు. అది వచ్చిపోయే బాటసారియే గాని, ఇల్లు కట్టుకొని నిలిచే నివాసి కాదు. అయితే బాటసారి వల్ల కూడా ఒక ప్రయోజనం ఉండవచ్చునని లోకానికి తెలియడానికి మరి అరవై ఏళ్ళు పట్టినది.

ఆ ప్రయోజనం పాలచక్కెరకు సంబంధించినది. పాలలో లాక్టోజు అనే చక్కెర కలదు. పసిబిడ్డ చిన్నప్రేగు గోడలలో దానిని విడగొట్టే లాక్టేజు అనే ఎంజైము సమృద్ధిగా ఉంటుంది. పాలు మానే వయస్సు దాటిన తరువాత అనేకులలో అది క్రమంగా తగ్గిపోతుంది. అట్టివారు పాలు త్రాగితే విడిపోని చక్కెర పెద్దప్రేగుకు చేరి, నీటిని లాగుకొంటుంది. అచ్చటి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి వాయువు పుట్టిస్తాయి. కడుపులో గుడగుడ, ఉబ్బరం, పలుచని విరేచనం కలుగుతాయి. ఇది మన దేశంలో అరుదైన సంగతి కాదు. కూనూరు నుండి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం నుండి, భారతీయులలో లాక్టేజు లోపాన్ని గూర్చిన ఒక పరిశోధన 1972లో వెలువడినది. 1981లో ప్రకటించిన మరొక పరిశీలనలో, తిరువనంతపురం, పుదుచ్చేరి కేంద్రాలలో పరీక్షించినవారిలో నూటికి సుమారు 67 మందికిని, ఢిల్లీలో నూటికి సుమారు 27 మందికిని పాలచక్కెర సరిపడలేదని తేలినది.

ఇట్టివారికి పెరుగు ఎందుకు సరిపడుతుంది? 1984లో అమెరికాలో పదిమంది లాక్టేజు లోపం గలవారిపై పరీక్ష చేశారు. జీర్ణం కాని చక్కెర పెద్దప్రేగులో పులిసినపుడు హైడ్రోజను వాయువు పుట్టి, రక్తంలో కలిసి, ఊపిరితో బయటికి వస్తుంది. దానిని కొలిస్తే ఎంత చక్కెర జీర్ణం కాలేదో తెలుస్తుంది. 18 గ్రాముల పాలచక్కెరను పాల ద్వారా ఇచ్చినప్పుడు వచ్చిన వాయువులో, అంతే చక్కెరను పెరుగు ద్వారా ఇచ్చినప్పుడు మూడవవంతు మాత్రమే వచ్చినది. పెరుగులోని జీవులు తమ వద్దనున్న ఎంజైమును చిన్నప్రేగు దాకా మోసుకొనిపోయి, అక్కడ పిత్తరసం తాకగా దానిని విడిచిపెడతాయి. అవి కాపురం ఉండనక్కరలేదు. వచ్చి ఆ పని చేసి పోతే చాలును. ఐరోపా ఆహారభద్రతా సంస్థ కూడా 2010లో, పాలచక్కెర జీర్ణానికి సజీవమైన పెరుగు తోడ్పడుతుందన్న మాటను అంగీకరించినది.

దీనిని ఇంటి వంటగదికి అన్వయించి చూద్దాం. ఒక గ్లాసు, అనగా 200 మిల్లీలీటర్ల పాలలో 9, 10 గ్రాముల పాలచక్కెర ఉంటుంది. తోడువేసినపుడు అందులో కొంతభాగం ఆమ్లంగా మారుతుంది; పులుపు ఎక్కువైనకొద్దీ చక్కెర తగ్గినట్లే. మిగిలినది 7 గ్రాములు అనుకొందాం. ఆ పెరుగులో మూడు వంతుల నీరు పోసి చిలికితే గ్లాసు మజ్జిగలో ఇక 2 గ్రాములకు లోపే ఉంటుంది. కాబట్టి మజ్జిగ కడుపులో తేలికగా ఉండుటకు జీవులు కొంత కారణమైతే, నీరు మరికొంత కారణం. మజ్జిగపులుసుగా మరిగిస్తే జీవులు నశిస్తాయి. పులుపు మిగులుతుంది గాని, ఆ ఎంజైము సాయం మిగలదు. ఇక ఇంట్లో నిన్నటి పెరుగుతో వేసిన తోడులో ఏయే జీవులున్నవో ఇంటింటికీ మారుతుంది గనుక, పరిశోధనాలయంలో వచ్చిన ఫలితం అక్షరాలా అంతే మన గిన్నెలో వస్తుందని చెప్పరాదు.

పాలచక్కెర వల్లనే బాధ కలుగుతున్నదా అని పెద్దవారు తెలుసుకొనుటకు ఒక సులభమైన మార్గం కలదు. ఒకరికి ప్రతి ఉదయం పాలు త్రాగిన గంటలోపల ఉబ్బరం కలుగుతున్నది అనుకొందాం. రెండు వారాలు పాలు, పాలతో చేసిన తీపి పదార్థాలు మాని, బాధను గమనించవలెను. తగ్గితే ఒకనాడు ఒక గ్లాసు పాలు, మరొకనాడు అంతే పెరుగు తీసుకొని చూడవలెను. పాలతో బాధ తిరిగివచ్చి, పెరుగుతో రాకపోతే, కారణం చాలావరకు తెలిసినట్లే. రెండింటితోనూ ఒకటే బాధ ఉన్నా, రెండూ మానినా తగ్గకపోయినా, కారణం వేరే చోట వెతకవలెను. ఈ పరీక్ష పసిబిడ్డలకు తగదు.

ఇక ప్రోబయోటిక్ మాట. ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు 2001లో దీనికి అర్థం నిర్ణయించారు: తగిన మోతాదులో ఇచ్చినపుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులకే ఆ పేరు. ఏ జీవి, ఎంత మోతాదు, ఏ రోగానికి అనే మూడు సంగతులూ రుజువు కావలెను. కలకత్తాలో 3,758 మంది పసిపిల్లలకు పన్నెండు వారాలు రోజూ పానీయం ఇచ్చి, సగంమందికి అందులో ఒక నిర్దిష్టమైన జీవిని కలిపారు. 2011లో ప్రకటించిన ఫలితం ప్రకారం, జీవి ఉన్న పానీయం త్రాగినవారిలో 608 మందికిని, లేనిది త్రాగినవారిలో 674 మందికిని అతిసారం వచ్చినది. నూటికి 14 వంతుల రక్షణ అన్నమాట; ఉన్నది గాని స్వల్పం. అతిసారం వచ్చిన తరువాత ఇస్తే రోగం ఒక రోజు ముందుగా తగ్గుతుందని 2010లో అనేక పరీక్షల సారాంశం చెప్పినది. కాని 2018లో అమెరికాలో 971 మంది, కెనడాలో 886 మంది పిల్లలపై జరిగిన రెండు పెద్ద పరీక్షలలో ఏ భేదమూ కనిపించలేదు. యాంటీబయాటిక్ మందులు వాడునపుడు వచ్చే విరేచనాలను కొన్ని జీవులు కొంతవరకు నివారిస్తాయనుటకు ఇంతకంటె మెరుగైన ఆధారం కలదు. తీవ్రమైన క్లోమగ్రంథి వాపు గలవారికి ఇచ్చిన ఒక పరీక్షలో మాత్రం, 2008లో ప్రకటించిన ఫలితం ప్రకారం, ప్రోబయోటిక్ పుచ్చుకొన్నవారిలోనే ఎక్కువమంది మరణించారు. కనుక ఆస్పత్రిలో ప్రాణాపాయ స్థితిలో ఉన్నవారికి బంధువులు తమంతట తాము వీటిని ఇవ్వరాదు.

అతిసారంలో మజ్జిగకు మరొక న్యాయమైన స్థానం కలదు. శరీరం కోల్పోయిన నీరు, ఉప్పు తిరిగి చేరుట ప్రాణరక్షణకు ముఖ్యం. ఓఆర్‌ఎస్ ద్రావణం అందుకు ఉత్తమం. అది చేతికందేలోపల ఉప్పు వేసిన పలుచని మజ్జిగ త్రాగించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పినది. లీటరుకు సుమారు 3 గ్రాముల ఉప్పు చాలును. అచ్చట పనిచేసేది ముఖ్యంగా నీరు, ఉప్పు.

నెలల తరబడి సాగే గ్రహణి సంగతి వేరు. దీనికి మన తెలుగువారి చరిత్రలోనే ఒక విషాద సాక్ష్యం ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులు ఇద్దరు స్ప్రూ అనే గ్రహణి రోగంతో ఎనిమిది రోజుల ఎడంలో మరణించారు. ఆ దుఃఖమే ఆయనను ఆ రోగానికి మందు వెదికే దారి పట్టించినది. అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయంలో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది. స్ప్రూలో చిన్నప్రేగు లోపలి పొర దెబ్బతిని, ఆహారసారం ఇంకదు, రక్తం క్షీణిస్తుంది. దానికి ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్, టెట్రాసైక్లిన్ అనే మందు వాడతారు. ఎంత మజ్జిగ త్రాగినా ఈ లోటు తీరదు.

అందుచేత విరేచనాలు రెండు వారాలు దాటినా, మలంలో రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా, బరువు తగ్గినా, మనిషి పాలిపోయినా వైద్యుని చూడవలసినదే. పాలు సరిపడనివానికి పెరుగు నిజమైన ఉపకారి. దాహం తీర్చి ఉప్పునందించుటలో మజ్జిగ మంచి సహాయకారి. అంతకు మించిన రోగాలను వాటికి అప్పగించి కాలం గడపరాదు.