అమెరికా బావ అద్దెల ఉత్తరం

అమెరికా బావ ఇళ్ల సంగతి అడిగావు గదరా అబ్బాయ్, చెబుతా విను.

మా బావ గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లాడు. 1965లో అక్కడి వలస చట్టం మారాక మన జిల్లా డాక్టర్లు చాలామంది అటే పోయారులే. ఆయనకి తెనాలి గంగానమ్మపేటలో రెండు వాటాల ఇల్లు, బాపట్లలో వ్యవసాయ కాలేజీ ఉద్యోగి అద్దెకుండే పెంకుటిల్లు, రేపల్లె స్టేషన్ దారిలో ఒక కొట్టు ఉండేవి. నేను తెనాలిలో ప్లీడరు గారి దగ్గర గుమస్తాని. అందుకని నాకే నీలం ఏరోగ్రామ్ మీద ఉత్తరం రాశాడు: "నా తరఫున అద్దెలు వసూలు చేసి బ్యాంకులో వెయ్యి, అద్దెకున్నవాళ్ల బాగోగులు చూడు" అని.

ఉత్తరం పట్టుకుని బాపట్ల వెళితే, ఆ ఉద్యోగి మర్యాదగా కుర్చీ వేసి, "మీకివ్వమని ఆయన మాకు చెప్పలేదండీ" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ఉత్తరం నా పేర వచ్చింది గానీ ఆయన పేర రాలేదు. మళ్లీ బావకి రాసి, అద్దెకున్న ప్రతివాళ్లకీ వేరే ఉత్తరం వేయించా. ఆ తర్వాత రసీదు పుస్తకం నడిచింది. పైన బావ పేరు, ఏ వాటా, ఏ నెల అద్దె, ఎంత ముట్టింది. కింద "వారి తరఫున" అని రాసి నా సంతకం. తరఫున అన్న మాట లేకపోతే ఇల్లు నాదేనని రేపు ఎవరైనా అనొచ్చు. అద్దె నేను కాజేశానని బావ పిల్లలూ అనొచ్చు.

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చిందా, ఆ గాలికి బాపట్ల ఇంటి పెంకులు లేచిపోయాయి. వసారా మీద ఆకాశమే. అద్దెకున్నాయన "బాగు చేయించండి, లేదంటే నేనే చేయించి అద్దెలో పట్టుకుంటా" అన్నాడు. చట్టంలో ఆ దారి ఉంది: చెప్పి, తగినంత గడువిచ్చినా యజమాని బాగు చేయించకపోతే, అద్దెకున్నవాడు చేయించుకుని ఖర్చు అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. మా ఉత్తరంలో మాత్రం ఖర్చు మాటే లేదు. బావ జవాబు రావడానికి వారాలు పట్టింది. ఈలోగా వసూలైన అద్దెల్లోంచే పెంకులు కొనిపించి, కూలి చీటీలన్నీ కవర్లో పెట్టి పంపా. అప్పుడు రాశాడు, ఫలానా మొత్తం దాకా నన్ను అడగకుండా ఖర్చు పెట్టుకో అని. ఆ ముక్క మొదటే ఉండాల్సింది.

అసలు తంటా రేపల్లె కొట్టుతో వచ్చింది. అందులో ఉన్నతను నెలల తరబడి అద్దె ఎగ్గొట్టాడు. "ఖాళీ చేయిద్దాం, పిటిషను నా పేరున వేద్దాం" అన్నా మా ప్లీడరు గారితో. ఆయన నవ్వి, మన 1960 నాటి అద్దె చట్టం తీసి చూపించారు. యజమాని తరఫున అద్దె పుచ్చుకునేవాణ్ణీ ఆ చట్టం యజమాని కిందే లెక్కేసేది గానీ, వట్టి ఏజెంటు ఖాళీ చేయించమని కోర్టుకెళ్లాలంటే యజమాని ముందుగా రాసిచ్చిన అనుమతి ఉండాలనేది. ఏరోగ్రామ్‌లో "బాగోగులు చూడు" అన్నది దానికి చాలదు.

దాంతో పవర్ కాగితం తయారైంది. ఏ ఊరు, ఏ కొట్టు, ఎవరి మీద, అద్దె వసూలు, నోటీసు, దావా, రాజీ, అన్నీ విడివిడిగా రాసి పంపాం. బావ న్యూయార్క్‌లో మన కాన్సులేట్‌కి వెళ్లి వాళ్లెదుట సంతకం పెట్టి, ముద్ర వేయించి పంపాడు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. విదేశంలో రాసిన పవర్ మన దేశంలోకి వచ్చిన 3 నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఎప్పుడొచ్చిందని అడిగితే చూపించాలిగా! అందుకే ప్లీడరు గారు ముందు కవరు దాచమన్నారు, దాని మీద తపాలా ముద్ర తేదీ ఉంటుందని. స్టాంపయ్యాకే నోటీసిచ్చాం, పిటిషనేశాం. వాయిదాలు నడుస్తుండగానే కొట్టువాడు రాజీకొచ్చి, బకాయి కట్టి వెళ్లిపోయాడు.

కొన్నేళ్లకి బావ అక్కడే పోయాడు. ఆ నెల తెనాలి వాటాకెళ్లి అద్దె అడగబోయి ఆగా. ఇచ్చినవాడు పోతే పవరూ పోయినట్టే. నేను వారసుణ్ణి కాను, ఆ కాగితం చూపించి అద్దె తీసుకుంటే అడ్డంగా దొరికిపోతా. అద్దెకున్నవాళ్లకి ఉన్న సంగతి చెప్పి, డబ్బు విడిగా తీసిపెట్టుకోండన్నా. అక్కయ్యా పిల్లలూ ముగ్గురూ సంతకాలు పెట్టిన కొత్త పవర్ వచ్చాక గానీ మళ్లీ రసీదు పుస్తకం తెరవలేదు.

ఇప్పుడు నీ బాబాయి దుబాయి నుంచి ఫోన్లో చెప్పాడని రేపల్లె బయల్దేరుతున్నావు. అద్దె తెచ్చుకో, ఫరవాలేదు. "ఖాళీ చెయ్" అనేముందు మాత్రం కాగితం తెప్పించుకో.