మొహం రంగు నిలబెట్టిన రెండు ఆలోచనలు

ఫొటోషాప్‌లో రీటచింగ్ పూర్తయిన ఒక పోర్ట్రెయిట్ తీసుకుందాం. చామనఛాయ మొహం, చెంప మీద కిటికీ వెలుతురు. వెలుగు పడిన చోట ఐడ్రాపర్ పెడితే ఎరుపు 186, ఆకుపచ్చ 149, నీలం 121 అని చూపిస్తుంది. మొహం నిండుగా, కళగా ఉంది. దాన్ని అలాగే జేపెగ్‌గా మార్చి వెబ్‌లో పెడితే మాత్రం ఒంట్లో రక్తం తగ్గినట్టు పాలిపోయి కనిపించవచ్చు. అంకెలు ఒక్కటీ మారకుండానే రంగు మారడానికి కారణం ఒకటే: ఆ అంకెలను అవతలివాళ్లు వేరే కొలతతో చదివారు.

ఈ ఫొటో మీద పని జరిగింది అడోబీ ఆర్‌జీబీలో. చాలామంది ఫొటోగ్రాఫర్లు కెమెరాలోనూ ఫొటోషాప్‌లోనూ ఎంచుకునే కలర్ స్పేస్ అది. వెబ్ వాడేది ఎస్‌ఆర్‌జీబీ. చెంప మీది ఆ రంగునే ఎస్‌ఆర్‌జీబీలో రాస్తే 200, 150, 120 అవుతుంది. ఆకుపచ్చ, నీలం దాదాపు అవే. ఎరుపులో మాత్రం 14 అంకెల తేడా. అడోబీ ఆర్‌జీబీ అంకెలను ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చదివితే ఆ 14 మేర ఎరుపు తగ్గిపోతుంది. ఆకాశంలోనో గోడమీదో అంత తేడా వస్తే ఎవరూ పట్టించుకోరు. మొహంలో వస్తే చూడగానే తెలిసిపోతుంది.

ఈ తేడా తీరడానికి ఏం చేయాలో ఇవాళ ఏ రీటచర్‌ను అడిగినా చెబుతారు. ఆ పద్ధతి ఎలా వచ్చిందన్నదే ఈ కథ.

1990ల మధ్యలో వెబ్ ఫొటోలకు ఉన్న ఇబ్బంది ఇంతకంటే పెద్దది. చాలా కంప్యూటర్లు ఒకసారికి 256 రంగులే చూపేవి. అందులో విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ఒకేలా కనిపించే 216 రంగులను ఏరి, వాటికి ‘వెబ్‌సేఫ్’ అని పేరు పెట్టారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కదానికి ఆరే మెట్లు: 0, 51, 102, 153, 204, 255. మన చెంప రంగు 200, 150, 120కి వాటిలో దగ్గరగా ఉన్నది 204, 153, 102. చెంప నుంచి దవడ దాకా సన్నసన్నగా దిగే నీడ అంతా రెండు మూడు మెట్లలో ఇరుక్కుపోయేది, లేదా చుక్కలు చుక్కలుగా కనిపించేది. లోగోలకూ బటన్లకూ ఆ పద్ధతి సరిపోయింది కానీ మనుషుల మొహాలకు పనికిరాలేదు.

లక్షల రంగులు చూపే మానిటర్లు వచ్చాక మెట్ల సమస్య పోయింది, కొలతల సమస్య మిగిలింది. మ్యాక్‌లు 1.8 గామాతో, విండోస్ కంప్యూటర్లు సుమారు 2.2 గామాతో బొమ్మను చూపేవి. అంటే ఒకే ఫైలు మ్యాక్‌లో వెలిసినట్టు, విండోస్‌లో నల్లబడినట్టు కనిపించేది. ప్రతి బొమ్మకూ దాని కొలత రాసిన ప్రొఫైల్‌ను జతచేస్తే సరిపోతుందని, 1993లో ఏర్పడిన ఇంటర్నేషనల్ కలర్ కన్సార్టియం ఒక ప్రామాణిక పద్ధతి తయారుచేసింది. ఆలోచన మంచిదే. కానీ ప్రొఫైల్‌ను చదివే సాఫ్ట్‌వేర్ వెబ్‌లో లేదు. పైగా మోడెమ్ రోజుల్లో ప్రతి బైటుకూ లెక్కుండేది. తర్వాత అందరూ వాడిన మామూలు ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్ బరువే 3144 బైట్లు. 28.8 కిలోబిట్ల మోడెమ్ మీద అది దిగడానికే దాదాపు ఒక సెకను పడుతుంది. చిన్న చిన్న బొమ్మలు ఇరవై ఉన్న పేజీకి ఆ భారం ఎంతో ఊహించవచ్చు.

1996 నవంబరులో హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు ఈ చిక్కును మరోవైపు నుంచి విప్పారు. మైకేల్ స్టోక్స్, మాథ్యూ ఆండర్సన్, శ్రీనివాసన్ చంద్రశేఖర్, రికార్డో మోటా కలిసి రాసిన ప్రతిపాదన సారాంశం ఇది: బొమ్మకు ప్రొఫైల్ ఉంటే చదవండి; లేకపోతే అది ఫలానా కొలతలోనే ఉందని అందరం అనుకుందాం. ఆ ఫలానా కొలతకే ఎస్‌ఆర్‌జీబీ అని పేరు. దాని మూలరంగులు వాళ్లు కొత్తగా కనిపెట్టినవి కావు. హై డెఫినిషన్ టీవీకి అప్పటికే నిర్ణయించిన మూలరంగులనే తీసుకున్నారు. వెలుగునీడల వంపు సుమారు 2.2 గామా. ఆఫీసు బల్లల మీదున్న మామూలు పిక్చర్ ట్యూబు మానిటర్లు ఏ సర్దుబాటూ లేకుండానే దానికి దగ్గరగా చూపేవి. ఉన్న స్పేసుల్లో గొప్పదని దాన్ని ఎంచుకోలేదు. ప్రొఫైల్ ఊడిపోయిన బొమ్మ కూడా ఎక్కువమంది దగ్గర దాదాపు సరిగ్గా కనిపిస్తుందని ఎంచుకున్నారు. 1999లో అది ఐఈసీ 61966-2-1 అనే అంతర్జాతీయ ప్రమాణమైంది.

ఈలోగా 1998లో ఫొటోషాప్ 5 వచ్చింది. ప్రింటింగ్ వాళ్లకు ఎస్‌ఆర్‌జీబీ చాలలేదు. ముఖ్యంగా ఆకుపచ్చ, ఆకుపచ్చ కలిసిన నీలం రంగుల్లో ప్రెస్సు వేయగలిగినవి కొన్ని అందులో ఇమడవు. అడోబీ ఇచ్చిన స్పేసుల్లో ఒకదానికి మొదట టీవీ ప్రమాణం పేరైన ఎస్ఎంపీటీఈ-240ఎం అని పెట్టారు. అందులోని విలువలు అసలు ప్రమాణానివి కావని తర్వాత తేలింది. అప్పటికే జనం దానికి అలవాటుపడ్డారు కాబట్టి విలువలు అలాగే ఉంచి, పేరు మార్చి అడోబీ ఆర్‌జీబీ (1998) అన్నారు. దాని ఎరుపు, నీలం మూలరంగులు ఎస్‌ఆర్‌జీబీవే. ఆకుపచ్చ మాత్రం ఇంకా గాఢమైనది. ఆ ఒక్క మార్పు వల్లే మన చెంప 200 బదులు 186 అయింది. అక్కడినుంచి స్టూడియోకు ఒక కొలత, వెబ్‌కు ఇంకో కొలత అయ్యాయి.

ఇక్కడ రీటచర్ చేయాల్సిన పని ఫొటోషాప్‌లో Edit మెనూ కింద పక్కపక్కనే ఉన్న రెండు ఆజ్ఞల్లో సరైనదాన్ని ఎంచుకోవడం. Convert to Profile ఎంచుకుని ఎస్‌ఆర్‌జీబీ ఇస్తే 186, 149, 121 కాస్తా 200, 150, 120గా మారి, రంగు ఉన్నచోటే ఉంటుంది. Assign Profile ఎంచుకుంటే అంకెలు అలాగే ఉండి రంగు మారుతుంది. మొహం వెంటనే మీ కళ్లముందే పాలిపోతే మీరు నొక్కింది రెండోదన్నమాట. ఫైలు 16 బిట్లలో ఉండగానే మార్చి, ఆ తర్వాత 8 బిట్లకు దించితే చెంప మీది నీడల్లో చారలు పడవు.

ఎస్‌ఆర్‌జీబీ చిన్నది కదా, చర్మం రంగులు నష్టపోవా అన్న భయం అక్కర్లేదు. మామూలు వెలుతురులో మనిషి ఒంటి రంగులు, తెలుపైనా నలుపైనా, దాని లోపల హాయిగా ఇముడుతాయి. కోత పడేది బట్టల దగ్గర. నెమలిపింఛం రంగు పట్టుచీరలో మడతలు వేరువేరుగా తెలియకుండా ఒకే ముద్దగా కనిపిస్తే అది స్పేసు హద్దు దాటిన చోటు. ఆ భాగాన్ని మాస్క్ చేసి గాఢత కొంచెం తగ్గించి మళ్లీ మార్చుకోవాలి. మొహాన్ని ముట్టుకోనక్కర్లేదు.

రెండో ఆలోచన ఇంకా పాతది. బెంగళూరులో పుట్టి, అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన నాసిర్ అహ్మద్ 1972లో ఒక పరిశోధనకు నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులడిగారు. ఇవ్వలేదు. అయినా పని ఆపలేదు. టి. నటరాజన్, కె. ఆర్. రావులతో కలిసి 1974 జనవరిలో డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్‌ను ప్రచురించారు. బొమ్మలో చిన్న ముక్కను తీసుకుని, అందులో నిదానంగా మారే భాగమెంత, గబగబా మారే భాగమెంత అని విడదీసే గణితం అది. 1992లో వచ్చిన జేపెగ్ ప్రమాణం దాని మీదే నిలబడింది. జేపెగ్ బొమ్మను 8 పిక్సెళ్ల పొడవు, 8 పిక్సెళ్ల వెడల్పున్న గళ్లుగా కోసి, ఒక్కో గడిని 64 విలువలుగా మార్చి, చిన్న విలువలను సున్నా చేసేస్తుంది. ఫైలు బరువు తగ్గేది అక్కడే.

చిక్కేమిటంటే, రీటచ్ చేసిన చెంపలో ఉండేవన్నీ ఆ చిన్న విలువలే. జుట్టు, చీర జరీ లాంటి చోట్ల పెద్ద విలువలు ఉంటాయి కాబట్టి అవి బతుకుతాయి. నున్నటి చర్మంలో మాత్రం నీడ నెమ్మదిగా జారుతుంది. క్వాలిటీ బాగా తగ్గిస్తే ఒక్కో గడి ఒకే రంగుగా మిగిలి, చెంప మీద సన్నటి చదరాలు తేలుతాయి. నుదుటి పక్కన, దవడ కింద నీడలో ముందు చూడండి. మొదట చెడేది అక్కడే.

దీనికి తోడు ఇంకో కోత ఉంది. మన కన్ను వెలుగులోని తేడాలను పట్టినంత బాగా రంగులోని తేడాలను పట్టదు. అందుకని జేపెగ్ వెలుగునూ రంగునూ విడదీసి, రంగును నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పున మాత్రమే ఉంచే వీలు కల్పించింది. దీన్నే 4:2:0 అంటారు. ప్రకృతి దృశ్యాల్లో ఇది కనబడదు. నుదుటి మీది కుంకుమబొట్టు దగ్గర కనబడుతుంది. పెద్దది చేసి చూస్తే బొట్టు అంచున ఎరుపు చర్మంలోకి పాకి, బొట్టు లోపలి అంచు వెలిసిపోయి ఉంటుంది. పెదవుల గీత దగ్గరా అంతే. ఫొటోషాప్ Save for Web క్వాలిటీ 50 దాకా ఈ కోత వేస్తుంది, 51 నుంచి వేయదు. మామూలు Save As కొలబద్దలో ఆ గీత 6కూ 7కూ మధ్య ఉంది. పోర్ట్రెయిట్‌కు Save for Webలో 70–80 మధ్య పెట్టుకుంటే బొట్టు అంచూ నిలుస్తుంది, ఫైలూ మరీ బరువెక్కదు. సేవ్ చేసిన జేపెగ్‌నే తెరిచి మళ్లీ సేవ్ చేస్తే కోత మీద కోత పడుతుంది కాబట్టి ప్రతిసారీ అసలు ఫైలు నుంచే తీయాలి.

చివరి మాట ప్రొఫైల్ గురించి. ఫైర్‌ఫాక్స్ 2009లో 3.5 వెర్షన్‌తో, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2011లో 9తో జతచేసిన ప్రొఫైళ్లను చదవడం మొదలుపెట్టాయి. మ్యాక్ కూడా 2009లో 2.2 గామాకు మారింది. అలాంటప్పుడు ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చాక మళ్లీ ప్రొఫైల్ ఎందుకని అనిపిస్తుంది. 2016లో ఐఫోన్ 7 నుంచి ఫోన్ తెరలు డిస్‌ప్లే పీ3 అనే పెద్ద స్పేసు చూపుతున్నాయి. ప్రొఫైల్ లేని బొమ్మను ఏదైనా యాప్ నేరుగా ఆ తెరమీదికి పంపితే, ఈసారి మొహం పాలిపోదు, ఎండకు కమిలినట్టు ఎర్రబడుతుంది. ప్రొఫైల్ ఉంటే ఆ తప్పుకు తావు తగ్గుతుంది. దాని బరువూ ఇప్పుడు సమస్య కాదు; ఫేస్‌బుక్ తన ఫొటోల కోసం ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్‌ను 524 బైట్లకు కుదించింది. జత అయిందో లేదో ఇలా చూసుకోవచ్చు:

```
exiftool -ProfileDescription photo.jpg
```

జవాబుగా sRGB IEC61966-2.1 అని వస్తే ఫైలు సిద్ధం. ఏమీ రాకపోతే ప్రొఫైల్ జతకాలేదు. Adobe RGB (1998) అని వస్తే ముందు చెప్పిన మార్పిడి జరగలేదు. చూసేవాళ్ల ఫోన్లో నైట్ మోడ్ ఆన్‌లో ఉంటే మొహం పసుపుగానే కనిపిస్తుంది, దాన్ని మనం ఆపలేం. కానీ మొహాన్ని ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి, రంగు కోత లేకుండా కుదించి, ప్రొఫైల్ జతచేసి పంపితే, ఆ ప్రొఫైల్ దారిలో ఎక్కడైనా ఊడిపోయినా ఎక్కువ తెరలమీద చెంప మీది ఎరుపు 200 దగ్గరే నిలుస్తుంది. 1996 నాటి ప్రతిపాదన కోరింది సరిగ్గా అదే.