దీవెనా, ఉద్దేశమా? పౌలు పత్రికల్లో ఒక క్రియారూపం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చర్చీల్లో చదివే పాత తెలుగు బైబిల్లో రెండు రకాల వాక్యాలు చెవికి వెంటనే వేరుగా తెలుస్తాయి. దీవెనకో శాపానికో చివర 'గాక' వస్తుంది. ఎందుకోసమో చెప్పాలంటే 'నట్లు', 'నిమిత్తము' వస్తాయి. 2 తిమోతి 1:16లో ఉన్నది 'గాక', ఎఫెసీ 1:17లో ఉన్నది 'నట్లు'. అయితే చాలా గ్రీకు ప్రతుల్లో ఈ రెండు చోట్లా కనిపించేది ఒకే క్రియ, 'ఇవ్వడం'. దాన్ని రాసిన అక్షరాలూ అవే మూడు: డెల్టా, ఒమేగా, ఈటా. ఒకచోట కోరికగా, మరొకచోట ఉద్దేశంగా చదవడానికి ఆధారం ఏమిటన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

గ్రీకులో కోరికను చెప్పే క్రియారూపం ఆప్టేటివ్. మన వ్యాకరణాలు ఆశీరర్థకం అనేదానికి ఇది దగ్గర. ఉద్దేశాన్ని చెప్పే వాక్యంలో 'హినా' అనే మాట తర్వాత సాధారణంగా సబ్జంక్టివ్ వస్తుంది. ప్రాచీన ఏథెన్సు గ్రీకులో ప్రధానక్రియ భూతకాలంలో ఉంటే అక్కడా ఆప్టేటివ్ రావచ్చు. కానీ అది తప్పనిసరి కాదు. థూసిడిడీస్ అలాంటి చోట్ల కూడా సబ్జంక్టివ్ వైపే మొగ్గుతాడు.

క్రొత్త నిబంధన నాటికి ఆప్టేటివ్ బాగా తగ్గిపోయింది. మొత్తం గ్రంథంలో అది 70కి లోపే ఉంది. అందులో 15 సార్లు వచ్చేది ఒక్క పలుకుబడే, 'మే గెనొయ్టో'. 'అలా జరగకూడదు' అని దాని భావం. ఆ 15లో 14 పౌలువి, వాటిలో 10 రోమా పత్రికలోనివి. మన పల్లెల్లో 'నీ ఇల్లు బంగారం గానూ' అనే దీవెనలో ఆ 'గానూ' ఎలా బిగిసిపోయి మిగిలిందో ఇదీ అలాగే మిగిలింది. కొత్త వాక్యం కట్టేటప్పుడు ఎవరూ దాని జోలికి పోరు. అయినా రూపం పూర్తిగా చచ్చిపోలేదు. మార్కు 11:14లో అంజూరపు చెట్టును శపించే మాట ఆప్టేటివే. అదే సంఘటనను చెప్పే మత్తయి 21:19లో సబ్జంక్టివ్ ఉంది. 2వ శతాబ్దపు తొలినాళ్ల ఇగ్నేషియస్ లేఖల్లో 'ఒనైమేన్' అనే కోరిక పలుమార్లు వస్తుంది. క్రొత్త నిబంధనలో ఆ మాట ఫిలేమోను పత్రికలో ఒక్కసారే ఉంది.

ఇక ఉద్దేశ వాక్యాల సంగతి. మార్కు 14:10లో యూదా అప్పగించడానికి వెళ్లాడన్న చోట 'హినా' తర్వాత 'పరడొయ్' అని ఉంది. చివరి 'ఒయ్' ఆప్టేటివ్ గుర్తులా కనిపిస్తుంది. ప్రధానక్రియ కూడా భూతకాలమే. పాత వ్యాకరణం చదువుకున్నవాడు ఇక్కడ తడుముకోకుండా ఆప్టేటివ్ అనేస్తాడు. కానీ అదే 'పరడొయ్' మార్కు 4:29లోనూ ఉంది. పంట పండినప్పుడు కొడవలి పెట్టే ఉపమానం అది. అక్కడ దాని ముందున్నది 'హొటాన్'. ఆ మాట తర్వాత, అందులోనూ వర్తమానకాల వాక్యంలో, రావలసింది సబ్జంక్టివ్. కాబట్టి 'ఒయ్' అనేది ఆనాటి వాడుక భాషలో సబ్జంక్టివ్‌కే మరో రూపం అనుకోవాలి. 14:10ని కూడా అలా చదవడమే న్యాయం. రూపాన్ని చూసి తీర్పు చెప్పకుండా, సందేహం లేని మరో చోట అదే రూపం ఏ పని చేస్తోందో చూడటం ఇక్కడి పద్ధతి.

అదే పద్ధతిని ఎఫెసీ 1:17కు పెడితే ఫలితం అంత తేలిగ్గా రాదు. సబ్జంక్టివ్ అయితే ఈటా కింద, ఆప్టేటివ్ అయితే ఒమేగా కింద చిన్న అయోటా ఉండాలి. పెద్దక్షరాల తొలి ప్రతుల్లో స్వరచిహ్నాలు సాధారణంగా ఉండవు, ఆ అయోటాను కూడా ఎక్కువగా రాయలేదు. కనుక నేటి ముద్రిత ప్రతుల్లో మనం చూసే గుర్తు తర్వాతివారు నిర్ణయించి పెట్టినదే. సందేహం లేని చోట్ల చూస్తే 2 తిమోతి 1:16, రోమా 15:5, 2 థెస్సలొనీక 3:16లలో ఈ మూడక్షరాలు 'హినా' లేకుండా నిలబడి స్పష్టంగా దీవెన చెబుతున్నాయి. అక్కడ అది ఆప్టేటివే. పైగా ఎఫెసీ వాక్యం ప్రార్థన గురించినది, కోరిక ఛాయ దానికి సహజం. ఈ పక్షాన్ని కొట్టిపారేయలేం.

అయినా నేను సబ్జంక్టివ్ వైపే మొగ్గుతాను. అదే పత్రిక 3:16లో, అలాంటి ప్రార్థనలోనే, 'హినా' తర్వాత తొలి ప్రతుల్లో ఉన్నది 'డో' అనే మామూలు సబ్జంక్టివ్. 4వ శతాబ్దపు వాటికన్ ప్రతి 1:17లోనూ ఆ 'డో'నే రాసింది. అది మూలపాఠం కాకపోవచ్చు, ఎవరో సరిదిద్దినది కావచ్చు. సరిదిద్దినదే అయినా, గ్రీకులో ఆలోచించే లేఖకుడు ఆ చోట సబ్జంక్టివ్‌నే ఆశించాడని అది చెబుతుంది. క్రొత్త నిబంధనలో 'హినా' తర్వాత వివాదం లేని ఆప్టేటివ్ ఒక్కటైనా ఉంటే ఈ అంచనాను తిరిగి తూచాలి. సూచించిన ఉదాహరణలన్నీ ఇలా ఒక్క అయోటా మీదో, ఒక 'ఒయ్' మీదో ఆధారపడినవే.